పన్నెండు ఏ.ఎం. అనగా పగలా, రాత్రా?

"గుర్తుకు భాష అక్కరలేదు, బొమ్మ చాలును" అని ఈ మధ్య ఒక మిత్రుడు నాతో వాదించాడు. రహదారి పక్కన నిలిపే గుర్తులను గురించిన ప్రసంగమది. ఎర్రటి బిళ్ల మీద తెల్లని అడ్డుగీత కనబడితే తెలుగువాడైనా, తమిళుడైనా, జర్మనీవాడైనా ఆగిపోతాడు కదా, మధ్యలో మీ తెలుగు గోల దేనికి అని ఆయన ఆక్షేపణ. ఆయన మాటలో సగం నిజం ఉంది. మిగిలిన సగం ఎంత అబద్ధమో, ఆ అబద్ధానికి ఎవరు మూల్యం చెల్లిస్తున్నారో చెప్పడానికే ఈ టపా.

మా విడపనకల్లులో బస్సులకు ప్రత్యేకించిన వరుసలు లేవు, వన్‌వే వీధులు లేవు. బళ్లారి నుండి గుంతకల్లు వైపు పోయే జాతీయ రహదారి మా మండలం మీదుగా పోతుంది, అంతే. అయినా వానలు కురవని ఈ మెట్టనేల మీద సేద్యం నమ్ముకోలేక స్టీరింగు పట్టినవారు మా వైపు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. నా దగ్గర ఛందస్సు చదువుకున్న పిల్లల్లో కొందరు ఇప్పుడు లారీలు తోలుతున్నారు. వారు పొద్దున మన లిపి చదివి, మధ్యాహ్నం కన్నడ లిపి చదివి, రాత్రికి ఏ నగరం పొలిమేరలోనో ఇంగ్లీషు పలక ముందు నిలబడతారు. కనుక ఈ విషయం నగరవాసులదే అనుకోవద్దు.

ముందుగా వ్యాకరణం. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ఎర్రని అంచు గాని, ఎర్రని నేల గాని గల గుండ్రని గుర్తు శాసనం వంటిది. 119వ సెక్షను దానిని తప్పనిసరి గుర్తు అంటుంది. ప్రతి చోదకుడూ దానికి లోబడవలసిందే. కొన పైకి ఉన్న త్రిభుజాకారపు గుర్తు హెచ్చరిక మాత్రమే. మన పరిభాషలో చెప్పాలంటే వృత్తం విధినిషేధ వాక్యం, త్రిభుజం హితవాక్యం. ఇంతవరకు బొమ్మ చాలుననే మాట చెల్లుతుంది. "రారాదు" అనే క్రియను బొమ్మ చెప్పగలదు. లారీ బొమ్మ వేస్తే ఎవరు రారాదో కూడా చెప్పగలదు. ఎప్పుడు రారాదో మాత్రం ఏ బొమ్మా చెప్పలేదు. అందుకే గుర్తు కింద ఒక దీర్ఘచతురస్రపు పలక తగిలించి గంటలు రాస్తారు. ఆ పలకే వాక్యంలోని కాలాధికరణం. దానిని విడిచి గుర్తును చదివితే చదివినది సగం వాక్యమే. "రాముడు రాత్రిపూట అన్నం తినడు" అన్న వాక్యంలో "రాత్రిపూట" తీసివేస్తే రాముడు నిత్యోపవాసి అవుతాడు. పలక కనబడని గుర్తు కూడా అటువంటిదే. పలక లేకపోతే ఆ నిషేధం ఇరవైనాలుగు గంటలూ ఉన్నట్టే అర్థం చేసుకోవాలి.

ఇంత బరువు మోసే పలకను మనవారు ఏ భాషలో, ఏ తీరున రాస్తున్నారన్నదే నా ప్రశ్న.

ఒక ఉదాహరణ చెబుతాను. ఊరి పేరు చెప్పను, అది నా ఉద్దేశం కాదు. నా పూర్వశిష్యుడొకడు సరకుతో ఒక పట్టణానికి పోయాడు. బజారు మొదట్లో లారీ బొమ్మతో ఎర్రంచు వృత్తం ఉంది. కింద పలక మీద ఇంగ్లీషు అక్షరాలలో రెండు పంక్తులు: "8 ఏ.ఎం. టు 12 ఏ.ఎం." అని ఒకటి, "4 పి.ఎం. టు 8 పి.ఎం." అని రెండవది. పై పంక్తికి ముందు "హెచ్.ఎం.వి." అనే మూడక్షరాలు కూడా ఉన్నాయట. అవి పాటల రికార్డుల మీద ఉండే అక్షరాలని నా తరం వారికి తెలుసు. బరువు బండ్లని అర్థమట. అది వాడికి తెలుసు, నాకు తెలియదు. వాడు పగలు పన్నెండున్నరకు బజారులోకి ప్రవేశించాడు. వెంటనే పట్టుబడ్డాడు.

"ఏమప్పా, బోర్డు కనపడలేదా?"

"కనపడింది సార్. పన్నెండు వరకే అని రాసినారు. ఇప్పుడు పన్నెండున్నర."

"పన్నెండు ఏ.ఎం. అంటే అర్ధరాత్రి. చదువుకున్నోనివే కదా!"

వాడు అపరాధ రుసుము కట్టి వచ్చి, నా ఇంటి అరుగు మీద కూర్చుని, "మీరైతే ఏమి చెప్తారు సార్, నేను తప్పు చదివినానా?" అని అడిగాడు. నేను వాడికి చెప్పిన జవాబే ఇక్కడ విస్తరించి రాస్తున్నాను.

ఏ.ఎం., పి.ఎం. అనేవి లాటిన్ మాటలకు పొడి అక్షరాలు. మధ్యాహ్నానికి ముందు, మధ్యాహ్నానికి తరువాత అని వాటి అర్థం. మరి మధ్యాహ్నం సరిగ్గా పన్నెండు ముందా, తరువాతా? రెండూ కాదు, అదే హద్దు. హద్దురాయి ఎవరి పొలంలోనిది అని అడిగినట్టుంటుంది ఆ ప్రశ్న. గడియారాల వాడుకలో పన్నెండు ఏ.ఎం.ను అర్ధరాత్రికి, పన్నెండు పి.ఎం.ను మధ్యాహ్నానికి సంకేతంగా పెట్టుకున్నారు. అది ఒక ఒప్పందం మాత్రమే. మాట అర్థం నుండి పుట్టినది కాదు. మాట అర్థాన్ని బట్టి ఆలోచించేవాడికి అది తలకిందులుగా తోచినా తప్పు వాడిది కాదు.

ఇప్పుడు ఆ పలకను మీమాంసకుని వలె చదువుదాం. వాడుక ప్రకారం పన్నెండు ఏ.ఎం. అంటే అర్ధరాత్రి అనుకుంటే, మొదటి పంక్తి ఉదయం ఎనిమిది నుండి అర్ధరాత్రి దాకా నిషేధిస్తుంది. అప్పుడు సాయంకాలం నాలుగు నుండి ఎనిమిది దాకా నిషేధించే రెండవ పంక్తికి పనేమిటి? అది అప్పటికే నిషిద్ధమైన కాలం. రెండవ పంక్తి పూర్తిగా వ్యర్థమవుతుంది. ఒక వాక్యానికి రెండు అర్థాలు పొసగేటప్పుడు ఒక భాగాన్ని వ్యర్థం చేసే అర్థాన్ని విడిచి, అన్ని భాగాలకూ ప్రయోజనమిచ్చే అర్థాన్ని గ్రహించాలని మన శాస్త్రాలన్నీ నేర్పాయి. కనుక ఆ పలక రాసినవాని ఉద్దేశం పగలు పన్నెండే. ఉదయపు రద్దీకి ఒక నిషేధం, సాయంకాలపు రద్దీకి మరొకటి, నడుమ నాలుగు గంటలు సరకు దింపుకోవడానికి విడుపు. ఏ బజారుకైనా ఇదే సహజమైన ఏర్పాటు. నా శిష్యుడు సరిగ్గానే చదివాడు. పట్టుకున్న వాడూ గడియారపు వాడుక ప్రకారం సరిగ్గానే చదివాడు. తప్పు రాసినవానిది. దండన మాత్రం చదివినవానికి.

ఇదే పలకను తెలుగులో రాసి ఉంటే ఏమయ్యేది? "ఉదయం 8 నుండి పగలు 12 వరకు" అని రాయక తప్పేది కాదు. పగలు పన్నెండు, రాత్రి పన్నెండు అనే మాటలలో సందేహానికి తావు ఎక్కడుంది? మన భాష రోజును రెండు ముక్కలుగా కోయలేదు. తెల్లవారుజాము, ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అని వెలుగును బట్టి విభజించుకుంది. అర్ధరాత్రిని ఉదయమని పిలిచే అవకాశమే తెలుగులో లేదు. ఇంగ్లీషులో నిపుణులు సైతం తడబడే చోట, బడి ముఖం చూడని తెలుగు ముసలమ్మ తడబడదు. ఇది అభిమానంతో చెబుతున్న మాట కాదు. పలక మీద ఏ భాష తక్కువ ప్రమాదమో పోల్చి చెబుతున్న మాట.

"చట్టం ఒప్పుకోవద్దా?" అంటారు. చట్టం ఎప్పుడో ఒప్పుకుంది. అదే 1988 చట్టంలోని 116వ సెక్షను రెండవ ఉపసెక్షను చదవండి. గుర్తుల కొలత, రంగు, తీరు చట్టపు అనుబంధంలో చెప్పినట్టే ఉండాలి. అయితే వాటి మీది మాటలను, అక్షరాలను, అంకెలను రాష్ట్రప్రభుత్వం తనకు తగునని తోచిన లిపిలో అదనంగా రాయించవచ్చు. అలా రాసినవి మూలంలోని అక్షరాలతో సమానమైన కొలతలో, రంగులో ఉండాలి. ఈ చివరి నియమాన్ని గమనించండి. ఇంగ్లీషు జానెడు, తెలుగు బెత్తెడు అనే పద్ధతి ఈ మాటకు విరుద్ధం.

ఇక్కడ నా పక్షంలోని లోపాన్ని కూడా నేనే చెప్పుకోవాలి. ఆ సెక్షను అన్నది లిపి అని, భాష అని కాదు. లిప్యంతరం వేరు, భాషాంతరం వేరు. "నో ఎంట్రీ 8 ఏ.ఎం. టు 12 ఏ.ఎం." అని తెలుగు అక్షరాలతో దింపినా ఆ సెక్షను అక్షరాలా తృప్తిపడుతుంది. మన పట్టణాలలో చాలాచోట్ల జరుగుతున్నదీ ఇదే. తెలుగు బోర్డు పెట్టామని అధికారి చెప్పుకుంటాడు, తెలుగు పెట్టలేదని నేను ఏడుస్తాను. ఇద్దరమూ నిజమే చెబుతున్నాము. చట్టం లిపి వరకే అడిగిందని అక్కడే ఆగిపోవలసిన నిర్బంధం మాత్రం ఎవరికీ లేదు. తెలుగును అధికారభాషగా 1966లోనే శాసనం చేసుకున్న రాష్ట్రంలో, గుర్తు కింది గంటల పలకను తెలుగు వాక్యంగా రాయడానికి కావలసినది కొత్త చట్టం కాదు, రాసేవానికి ఇష్టం.

ఇక వన్‌వే. ఇక్కడ పలక తప్పితే పోయేది రుసుము కాదు, ప్రాణం.

ఒక వీధికి రెండు కొనలు ఉంటాయి. పగటివేళ మాత్రమే ఏకముఖంగా నడిచే వీధి అయితే, లోనికి పోయే కొన దగ్గర ఏకదిశను తెలిపే గుర్తు, ఎదుటి కొన దగ్గర ప్రవేశం లేదనే ఎర్ర బిళ్ల ఉండాలి. రెండింటి కిందా ఒకే గంటలు రాసిన పలకలు ఉండాలి. ఒక పలక ఊడిపోయినదనుకోండి. గాలికి ఊడవచ్చు, పాత ఇనుప సామానుకు పోవచ్చు, చుట్టూ పెరిగిన కొమ్మ కప్పివేయవచ్చు, సినిమా కాగితం అంటించవచ్చు. అప్పుడు ఏ కొన పలక పోయినదన్న దాన్ని బట్టి ఫలితం రెండు విధాలుగా ఉంటుంది.

ప్రవేశం లేదనే బిళ్ల కింది పలక పోతే నష్టం కొద్దిది. ఆ కొన నుండి కొత్తవాడు రాత్రి కూడా లోనికి రాడు, చుట్టు తిరిగిపోతాడు. కొంత డీజిలు వృథా, అంతే. ఎదుటి కొనలో, అనగా ఏకదిశ గుర్తు కింది పలక పోతే సంగతి వేరు. ఆ కొన నుండి వచ్చేవాడు "ఇది ఎప్పుడూ ఏకముఖమే, నాకు ఎదురు వచ్చేవాడుండడు" అని నమ్మి వీధి మధ్యగా పోతాడు. అవతలి కొన నుండి వచ్చేవాడు తన పలక చదువుకుని, "గంట దాటింది, ఇప్పుడు నాకు ప్రవేశం ఉంది" అని వస్తాడు. ఇద్దరూ తమతమ గుర్తులను శ్రద్ధగా చదివినవారే. ఇద్దరూ న్యాయంగా నడుపుతున్నవారే. మలుపు దగ్గర చీకటిలో ఢీకొంటారు. ఒక పట్టణంలో ఇటువంటి వీధిని నేను కళ్లారా చూశాను. ఒక కొన పలక మీద రాత్రి తొమ్మిది వరకు అని ఉంది, రెండవ కొనలో పలక బిగించిన రెండు మరలు మాత్రం మిగిలి ఉన్నాయి. నాలుగు నెలల తరువాత పోయినా ఆ మరలే నన్ను పలకరించాయి.

కనుక వీధి సరిగ్గా ఉన్నదో లేదో తెలుసుకోవాలంటే ఒక కొనలో నిలబడి చూస్తే చాలదు. రెండు కొనలకూ నడిచి, రెండు పలకలూ రాసుకుని, పక్కపక్కన పెట్టి చూడాలి. నడుమ సందులు కలిస్తే ప్రతి సందు మొదటా చూడాలి. ఈ పని చేయడానికి ఇంజనీరు అక్కరలేదు, ఎనిమిదవ తరగతి పిల్లవాడు చాలు.

చట్టం ఈ పొరపాటును ఎంత కఠినంగా చూస్తుందో కూడా తెలుసుకోవాలి. 2019లో చేసిన సవరణ తరువాత, అనుమతించిన ప్రవాహానికి ఎదురుగా నడపడం 184వ సెక్షను కింద ప్రమాదకరంగా నడపడంలో చేరింది. మొదటి నేరానికి ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది వరకు కారాగారం గాని, వెయ్యికి తగ్గకుండా ఐదువేల వరకు జుల్మానా గాని, రెండూ గాని విధించవచ్చు. అదే సవరణలో ప్రత్యేకంగా శిక్ష చెప్పని మామూలు ఉల్లంఘనకు 177వ సెక్షను కింద మొదటిసారి ఐదువందల వరకే జుల్మానా. అనగా రాత్రి తొమ్మిదింటికి ఒక నిమిషం ముందు ఆ వీధిలో ఎదురు పోయినవాడు కారాగారానికి అర్హుడు, ఒక నిమిషం తరువాత పోయినవాడు మర్యాదస్థుడు. ఈ ఇద్దరి నడుమ గోడ ఆ పలకే. ఇంత మందపు గోడను అంత పలుచని రేకు మీద, అర్థం కాని అక్షరాలలో రాయడం న్యాయమా అని అడుగుతున్నాను.

మరొక చిక్కు ఉంది. అది పంచాంగం తెలిసినవారికే తోస్తుంది. "రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు, ఆదివారం తప్ప" అని పలక ఉన్నదనుకుందాం. ఆదివారం రాత్రి గడిచి ఒంటిగంట అయింది. మినహాయింపు ఉన్నట్టా, లేనట్టా? ఇంగ్లీషు లెక్కలో అర్ధరాత్రి దాటితే సోమవారం, కనుక నిషేధం అమలులో ఉంది. మన లెక్కలో సూర్యోదయం నుండి సూర్యోదయం దాకా ఒక రోజు. ఒంటిగంటకు ఇంకా ఆదివారం రాత్రే. పల్లెటూరివాడు "ఆదివారం రాత్రి సెకండ్ షో చూసి వచ్చాను" అంటాడే కాని "సోమవారం తెల్లవారుజామున వచ్చాను" అనడు. కనుక అర్ధరాత్రిని దాటే గంటలతో వారం పేరు కలపరాదు. కలపక తప్పకపోతే "ఆదివారం రాత్రి 10 నుండి సోమవారం ఉదయం 6 వరకు నిషేధం లేదు" అని విప్పి రాయాలి.

ఇప్పుడు బడి. నా జీవితమంతా గడిచిన చోటు కనుక కొంచెం ఆగుతాను.

బడి ముందు పెట్టే పిల్లల బొమ్మ త్రిభుజంలో ఉంటుంది. అది హితవాక్యమే అని ముందే చెప్పాను. దాని కింద గంటల పలక తగిలించినంత మాత్రాన అది శాసనం కాదు. నెమ్మదిగా పొమ్మని నిజంగా శాసించాలంటే 112వ సెక్షను కింద వేగపరిమితి నిర్ణయించి, ఎర్రంచు వృత్తంలో అంకె వేసి, దాని కింద గంటలు రాయాలి. చాలా బళ్ల ముందు త్రిభుజం ఒక్కటే ఉంటుంది. ప్రధానోపాధ్యాయుడు అది చూసి నిశ్చింతగా ఉంటాడు. అది అతడి అమాయకత్వం. మీ ఊరి బడి ముందు గుండ్రని గుర్తు ఉన్నదా, మూడుకోణాల గుర్తు మాత్రమే ఉన్నదా అని ఒక్కసారి చూడండి.

గుండ్రని గుర్తు ఉన్నచోట మరో సంకటం. పలక మీద ఉదయం ఎనిమిదిన్నర నుండి తొమ్మిదిన్నర, సాయంత్రం నాలుగు నుండి అయిదు అని రాస్తారు. జూన్ నుండి మార్చి నడుమ దాకా ఇది చక్కగా సరిపోతుంది. తరువాత మా అనంతపురం ఎండలకు ఒంటిపూట బడులు మొదలవుతాయి. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో మార్చి 15న మొదలై, ఉదయం 7.45 నుండి మధ్యాహ్నం 12.30 వరకు జరిగాయి. ఏప్రిల్ 23 వరకు, అనగా నలభై రోజులు. ఆ నలభై రోజులూ పిల్లలు బడికి వచ్చేది పలక మేలుకోకముందు, బడి విడిచేది పలక నిద్రపోతున్నప్పుడు. చెప్పులు లేని పిల్లవాడు కాలే తారు మీద ఆగలేక ఒక్క పరుగున దాటే వేళ పన్నెండున్నర. సరిగ్గా ఆ వేళకు పలక చోదకునితో "నీ ఇష్టం వచ్చిన వేగంతో పో" అంటున్నది. పిల్లలు ఎవరూ లేని సాయంత్రం నాలుగింటికి మాత్రం "నెమ్మది, పిల్లలు" అంటున్నది. రెండు రోజులు ఖాళీ వీధిలో నెమ్మదిగా పోయిన చోదకుడు మూడవనాడు పలకను నమ్మడం మానివేస్తాడు. జూన్‌లో అది మళ్లీ నిజం చెప్పినా వినడు.

"తాత్కాలికంగా వేరే పలక పెట్టుకోవచ్చు కదా" అంటారేమో. చట్టం అందుకు సులువైన దారి ఇచ్చింది. ఒక నెలకు మించని నిబంధనకు గెజెట్ ప్రకటన అక్కరలేదు. కాని ఒంటిపూట బడులు నలభై రోజులు. నెల దాటింది. కనుక ఆ సులువు దారి పది రోజుల తేడాతో మూసుకుపోతుంది. మొదటి ప్రకటనలోనే ఈ కాలాన్ని చేర్చి ఉండాలి. ఎవరు చేర్చారు?

చేర్చడం ఎలాగన్నది కూడా చెప్పాలి. రెండు వేళలకు బదులు నాలుగు వేళలు రాస్తే పలక ఎవరూ చదవలేరు. గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు పద్నాలుగు మీటర్లు పోతుంది. యాభై మీటర్ల దూరం నుండి పలక అక్షరాలు కనబడ్డాయనుకున్నా చదవడానికి మూడున్నర సెకన్లు మాత్రమే. అంతలో ఒక్క పంక్తి చదవవచ్చు. కనుక నా సూచన ఇది: "బడి దినాలలో ఉదయం 7 నుండి సాయంత్రం 5.30 వరకు." ఒకే విరామం, ఒకే వాక్యం, ఏడాది పొడుగునా సత్యం. దీనివలన చోదకునికి కలిగే నష్టమెంత? మూడువందల మీటర్ల బడి హద్దును యాభైకి బదులు ఇరవైఐదు వేగంతో దాటితే అదనంగా పట్టేది ఇరవైరెండు సెకన్లు. ఈ ఇరవైరెండు సెకన్లు మిగల్చడానికే మనం గంటలను ముక్కలు ముక్కలుగా కోసి, ఆ ముక్కల సందులలోకి పిల్లలను తోస్తున్నాము.

బస్సు వరుసల విషయం క్లుప్తంగా చెబుతాను. విజయవాడలో, విశాఖలో బస్సులకు ప్రత్యేక మార్గాలు కేంద్ర పథకం కింద నిర్మించారు గాని, గంటల పలకతో బస్సు వరుసను పంచుకునే అలవాటు మనకు రాలేదు. ఆ అలవాటు ముదిరిన లండన్‌లో ఉన్న మనవారు దాని తీపీ చేదూ రెండూ ఎరుగుదురు. అక్కడ వరుస మొదట్లో నీలి పలక మీద గంటలు రాసి ఉంటాయి. ఆ గంటలు కాని వేళ ఎవరైనా ఆ వరుసలో పోవచ్చు. గంటలు రాయకపోతే ఇరవైనాలుగు గంటలూ బస్సులదే. ఆ నగరపు ప్రధాన మార్గాలలో చాలా బస్సు వరుసలను 2021 డిసెంబరు నుండి శాశ్వతంగా రాత్రింబవళ్ల వరుసలుగా మార్చారు. పాత గంటలు జ్ఞాపకం పెట్టుకున్నవాడు జ్ఞాపకశక్తికే జుల్మానా కట్టవలసి వస్తుంది. ఇందులో నీతి ఒక్కటే. నిన్నటి పలకను తలచుకుని నడపరాదు, నేటి పలకను చదివి నడపాలి. చదవాలంటే అది చదవదగినదై ఉండాలి.

చివరగా పూర్వపక్షాలు. "మన చోదకులు ఏ భాషలో రాసినా చదవరు" అంటారు పెద్దలు. ఈ మాట నలభై ఏళ్లు పిల్లల గురించి కూడా విన్నాను. అర్థం కానిది ఎదుట పెట్టి, చదవలేదని నిందించడం అధికారానికి పాత అలవాటు. నా శిష్యుడు చదివాడు. చదివాడు కనుకనే పన్నెండు దాటేదాకా ఊరి బయట చింతచెట్టు కింద గంటసేపు ఆగాడు. చదవనివాడైతే పదకొండున్నరకే పోయేవాడు.

"ఇతర రాష్ట్రాలవారికి తెలుగు రాదు కదా" అన్నది రెండవ ఆక్షేపణ. ఇది న్యాయమైన ఆక్షేపణ. మా ఊరి దారిన వచ్చే కన్నడ సోదరునికి "పగలు" అన్న మాట చదవడం రాకపోవచ్చు. దీనికి జవాబు మా పక్కనున్న గుంతకల్లులోనే ఉంది. గుంతకల్లు పెద్ద రైలు కూడలి. అక్కడ అంగడి కూలీ కూడా రైలు గంటలు చదవగలడు. 16:20 అంటే సాయంత్రం నాలుగు ఇరవై అని, 00:10 అంటే అర్ధరాత్రి దాటి పది నిమిషాలని ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాడు. ఇరవైనాలుగు గంటల లెక్కలో పన్నెండు ఒక్కటే, అది పగలు పన్నెండే. కనుక పై పంక్తిలో అందరికోసం 08:00–12:00 అని అంకెలు, కింది పంక్తిలో మనవారికోసం "ఉదయం 8 నుండి పగలు 12 వరకు" అని తెలుగు, రెండూ ఒకే కొలతలో ఉంటే చాలు. ఏ.ఎం., పి.ఎం. అనే జంటను పలక మీద నుండి దింపివేస్తే వీధికి పీడ విరగడవుతుంది.

ఒక్క మాట మిగిలింది. పలక తనంతట తాను శాసనం కాదు. 115వ సెక్షను కింద వెలువడిన ప్రకటనను లోకానికి చెప్పే నోరు మాత్రమే. నెలకు మించిన ప్రతి నిషేధం వెనుక గెజెట్‌లో ఒక ప్రకటన ఉండాలి. మీ పట్టణంలో సందేహం కలిగించే పలక ఉంటే, దాని ప్రకటన సంఖ్య, తేదీ, అందులో రాసిన గంటలు తెలుపవలసిందని సమాచార హక్కు చట్టం, 2005 కింద అడగండి. వచ్చిన జవాబును పలక పక్కన పెట్టి చదవండి.

నా శిష్యుడు ఆ పని చేశాడు. దరఖాస్తు నేనే రాసి ఇచ్చాను, సంతకం వాడిది. జవాబు ఇంకా రాలేదు. ఈలోగా మొన్న అదే బజారుకు మళ్లీ పోయి వచ్చాడు. పలక మారలేదట. పగలు పన్నెండున్నరకు ఆ గుర్తు ముందు లారీలు వరుసగా నిలబడి ఉన్నాయట. ఎవరూ లోనికి పోలేదు, ఎవరూ వెనుకకు పోలేదు. ఏ పన్నెండో ఎవరికీ తెలియదు.